నీటుగా, తలకంటుకుని

మా కోటమ్మ జుట్టులో ఒకసారి దువ్వెన పోయింది. పెళ్లయిన కొత్తలో, అద్దంకి అవతల మా ఊళ్లో, తలంటుకుని ఎండలో కూర్చుని దువ్వుకుంటుంటే చెయ్యి జారి లోపలికి వెళ్లిపోయింది. ఇల్లంతా వెతికాం, గడ్డివాము కూడా కదిలించాం. రెండేళ్ల తర్వాత కనపడింది గాని, అప్పటికే దాని పళ్ల మధ్య పిచ్చుక గూడు కట్టి పిల్లల్ని పెట్టేసింది. నేనీ సంగతి చెప్పినప్పుడల్లా కోటమ్మ, "పిచ్చుక కాదు లెండి, నెమలి," అని దిద్దుతుంది. ఇన్నేళ్లు నాతో కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం అబ్బకుండా ఉంటుందా.

ఈ జుట్టు సంగతి ముందే ఎందుకెత్తానంటే, జరిగిందంతా దీని వల్లే జరిగింది. కోటమ్మది రింగుల జుట్టు. మామూలు రింగులు కావు, కొత్త తాడు విప్పి నీళ్లలో వేస్తే ముడుచుకున్నట్టు ఉంటాయి. అవే మా అమ్మాయి సృజనకు వచ్చాయి. సృజన నుంచి మనవరాలు భానుశ్రీకి వచ్చేసరికి రెట్టింపయ్యాయి. భాను నడిచొస్తుంటే ముందు జుట్టు కనపడుతుంది, తర్వాత పిల్ల కనపడుతుంది.

మేముండేది మెల్‌బోర్న్‌కు పడమర, టార్నీట్‌లో. సృజనా, అల్లుడు వంశీధర్ ఇక్కడికి చదువుకోడానికి వచ్చి ఇక్కడే నిలబడిపోయారు. వంశీధర్ రైలు సిగ్నళ్ల సాఫ్ట్‌వేర్ చూస్తాడు. సృజన సిటీలో ఇళ్ల లోన్లిచ్చే ఆఫీసులో, వచ్చిన కస్టమరుకు మొదట ఎదురయ్యే కుర్చీలో కూర్చుంటుంది. మా ఇంట్లో రోజూ పొద్దున్నే కాఫీ వాసన కంటే ముందు జుట్టు కాలే వాసన వస్తుంది. అది మా అమ్మాయి ఇస్త్రీ. పట్టకారులాంటి కరెంటు ఇస్త్రీ ఒకటుంది, దానిమధ్య పాయ పెట్టి నొక్కి కిందికి లాగాలి. అలా తలంతా పూర్తి చేసేసరికి నేను వాకింగ్‌కు వెళ్లి తిరిగొస్తాను.

ఈ అలవాటు ఉద్యోగంతో వచ్చింది. మొదటి ఇంటర్వ్యూకి పిల్ల తన జుట్టుతోనే వెళ్లిందట. ఆ మేనేజరమ్మ ఎంతో మర్యాదగా, కస్టమర్ల ఎదుట కూర్చునే పని కదా, కొంచెం పాలిష్డ్‌గా ఉంటే బాగుంటుందని చెప్పిందట. జుట్టన్న మాటే ఎత్తలేదు. అర్థం చేసుకోవలసింది మా అమ్మాయే. ఆ సాయంత్రమే వెళ్లి ఇస్త్రీ కొనుక్కుంది.

ఇక భాను సంగతి. గవర్నమెంటు హైస్కూల్లో పదకొండో ఏడు చదువుతోంది. వచ్చే ఏడాదికి స్కూలు కెప్టెన్‌గా పిల్లలంతా ఓట్లేసి దాన్ని ఎన్నుకున్నారు. నవంబరు చివర అసెంబ్లీలో స్టేజీ మీదికి పిలిచి బ్యాడ్జీ పెడతారు. ఎన్నికైన రోజు మా వీధిలో ఎవరికీ తెలియకుండా ఉండకూడదని నేను చాలా కష్టపడ్డాను. ఆ వారంలోనే అసిస్టెంట్ ప్రిన్సిపల్ మిస్టర్ డోయల్ దాన్ని పిలిచి, బ్యాడ్జీ పెట్టుకునేవాళ్లు యూనిఫాం రూల్సు పూర్తిగా పాటించాలి, నీ జుట్టు పాటించడంలేదు, అసెంబ్లీలోపు సరిచేసుకో, లేకపోతే బ్యాడ్జీ రెండో స్థానంలో వచ్చిన పిల్లాడికి వెళ్తుందని చెప్పాడు. చెడ్డవాడేం కాదు. చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయని భానే చెప్పింది.

ఆ రూలు ఈ ఏడాదే కొత్తగా వచ్చింది. జుట్టు నీటుగా, సాపుగా, తలకంటుకుని వెనక్కి కట్టుకుని ఉండాలి. ఎత్తుగా, వెడల్పుగా లేచి ఎదుటివాళ్ల దృష్టి మళ్లించకూడదు. తలమీద వరసలుగా అల్లిన జడలు, అతికించిన జుట్టు పనికిరావు. ఇంతే. ఎవరి జాతి పేరూ లేదు, ఎవరి రంగూ లేదు. చదివితే పెళ్లిలో వడ్డనకు కూర్చోబెట్టే వరసలా ఎంతో పద్ధతిగా ఉంది.

మొదట రంగంలోకి దిగింది కోటమ్మ. "దీనికెందుకే ఇంత గోల, నూనె లేక అలా లేస్తోంది," అని ఆదివారం సాయంత్రం పిల్లను పీట ముందు కూర్చోబెట్టి కొబ్బరినూనె పోసింది. రాసింది అంటే అబద్ధం, పోసింది. ఆ నూనెతో మా ఊళ్లో అయితే అట్లతద్దికి అట్లన్నీ పోసెయ్యొచ్చు. రెండు జడలు బిగించి చివర నల్ల రిబ్బన్లు కట్టింది. సోమవారం భాను అలాగే వెళ్లింది. సాయంత్రం వంశీధర్‌కు స్కూల్లో పిల్లల మంచిచెడ్డలు చూసే టీచరమ్మ ఫోన్ చేసి, చాలా సున్నితంగా, ఇంట్లో అంతా బాగానే ఉందా, పిల్లకు తలస్నానం చేసే వీలుందా అని అడిగింది. జుట్టు జిడ్డుగా ఉందట, పక్కన కూర్చున్న పిల్లలు వాసనంటున్నారట.

కోటమ్మకు ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేకపోయింది. నేనే చెప్పాను. ఆవిడ నూనె సీసా మూత బిగిస్తూ, "లేస్తే తప్పు, అణిగితే తప్పు. మధ్యలో గాల్లో నిలబెట్టమంటారా?" అంది.

రెండో ప్రయత్నం భానుదే. దాని ప్రాణస్నేహితురాలు అచోల్ మా వెనక వీధిలోనే ఉంటుంది. అమ్మానాన్నా దక్షిణ సూడాన్ నుంచి వచ్చినవాళ్లు, పిల్ల ఇక్కడే పుట్టింది. అచోల్ జుట్టు మా వాళ్ల జుట్టులా రింగులు కాదు, ఇంకా చిక్కన, స్ప్రింగుల్లా ఉంటుంది. రోజూ దువ్వితే ఎండిపోయి తెగిపోతుంది, బిగించి వెనక్కి కడితే నుదుటి దగ్గర కుదుళ్లు ఊడిపోతాయి. అందుకని వాళ్లమ్మ శనివారం పూటంతా కూర్చుని తలను మడులుగా పాపిళ్లు తీసి, కుదుళ్ల దగ్గర్నుంచే తలకంటించి అల్లేస్తుంది. అలా అల్లితే కొన్ని వారాలు దాన్ని ముట్టుకోనక్కర్లేదు, జుట్టు చల్లగా పెరుగుతుంది. భాను వెళ్లి వాళ్ల సోఫా ముందు కూర్చుంది. తిరిగొచ్చినప్పుడు దాని తల మా చేలో మిరపతోట సాళ్లలా తీరుగా ఉంది. నీటుగా, తలకంటుకుని, వెనక్కి. ఇంకేం కావాలి?

మిస్టర్ డోయల్ ఇద్దరినీ పిలిపించాడు. వరసలుగా అల్లిన జడలు రూల్లో కూడవు. అయితే అచోల్‌ది సంస్కృతికి సంబంధించిన విషయం కాబట్టి, వాళ్లమ్మ కారణం రాసి అడిగితే మినహాయింపు ఇస్తారు. భానుకు ఆ వీలు లేదు, ఎందుకంటే అది నీ సంస్కృతి కాదు కదా అన్నాడు.

భాను ఇంటికొచ్చి సంచి విసిరేసి, వాళ్లమ్మతో ఇంగ్లీషులో అన్న మాట నాకు కూడా అర్థమైంది. "మామ్, మై ఓన్ హెయిర్ ఈజ్ రాంగ్, అండ్ ద ఫిక్స్ ఈజ్ రాంగ్ టూ." నా జుట్టే తప్పు, సరిచేసుకున్నా తప్పే అని.

అచోల్ వాళ్లమ్మ ఆ కాగితం రాయనంది. ముసలాళ్ల కేర్‌హోంలో పనిచేస్తుంది, నెమ్మదైన మనిషి. మా గేటు దగ్గర నిలబడి సృజనతో చెప్పిన మాట ఇది. నా పిల్ల తల అలా ఎందుకుందో ప్రతి ఏడాదీ నేను సంజాయిషీ రాసివ్వాలా? తప్పు చేసినవాళ్లనే కదా క్షమించేది, మినహాయించేది?

సృజన అప్పుడే పాలిష్డ్‌గా ఆఫీసు నుంచి వచ్చింది, జుట్టు భుజాల మీద గాజుపలకలా జారుతోంది.

వంశీధర్ ఊరుకునే రకం కాదు, సిగ్నలు ఎర్రగా ఉంటే ఎందుకుందో కనుక్కోవాలి. ఈ రాష్ట్రంలో మనుషుల మధ్య తేడా చూపితే వెళ్లి చెప్పుకోడానికి ఒక కమిషనుంది. దానికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, నాక్కూడా వినిపించాడు. నేను మా ఊరి బళ్లో ఎనిమిది దాకా చదివాను, చట్టం ఇంత తేలిగ్గా చెప్పేవాళ్లుంటే తొమ్మిది కూడా చదివేవాణ్నే.

ఫోన్లో అవతలున్న అమ్మాయి చెప్పింది ఇది. ఫలానా జాతివాళ్లు రాకూడదని గోడమీద రాస్తేనే తేడా చూపడం కాదు. అందరికీ ఒకటే రూలు పెట్టినా, దాని బరువు కొందరి మీదే పడి, దానికి తగిన కారణం లేకపోతే అది కూడా తేడా చూపడమే. చట్టంలో జుట్టన్న మాట విడిగా లేదు. జాతి అని ఉంది, శరీర లక్షణాలు అని ఉంది, ఈ రెండోది అన్ని రాష్ట్రాల్లోనూ లేదు. పుట్టుకతో వచ్చిన రింగులు అందులోకి వస్తాయని వాదించవచ్చు. మనం వేసుకున్న అల్లిక వస్తుందా అంటే అక్కడ అవతలివాళ్లు పేచీ పెడతారు. భాను పక్కనుంచి అందుకుని, అమెరికాలో కొన్ని రాష్ట్రాలు జుట్టు తీరు, అల్లికలు అని పేరు పెట్టి మరీ చట్టం చేశాయి, ఇక్కడెందుకు లేదని అడిగింది. దానికి ఆ అమ్మాయి, అది చట్టాలు చేసేవాళ్లను అడగాలి అని నవ్వింది.

ఫిర్యాదుకు డబ్బు కట్టనక్కర్లేదు. కమిషను రెండు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది, తీర్పు మాత్రం చెప్పదు. స్కూలు రానంటే రప్పించలేదు. అప్పుడు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, అది నెలలు పడుతుంది. అన్నిటికీ మించి ఒక మెలికుంది. పిల్లల వేషం గురించి స్కూలు సబబైన రూల్సు పెట్టుకోవచ్చని అదే చట్టం ఒప్పుకుంటుంది. ఆ రూలు పెట్టేముందు పిల్లల తల్లిదండ్రుల అభిప్రాయాలు తెలుసుకుని లెక్కలోకి తీసుకుని ఉంటే, అది సబబైనదే అని అనుకుంటారు.

ఫోన్ పెట్టేశాక వంశీధర్, "అయితే మావయ్యగారూ, వీళ్లు ఎవర్ని అడిగారు, ఎప్పుడడిగారు? మనల్నెవరూ అడగలేదే," అన్నాడు.

సృజన వంటింటి గట్టు తుడుస్తోంది. తుడిచిన చోటే తుడిచి, "అడిగారు," అంది. "పోయినేడు సర్వే వచ్చింది. నేనే టిక్ కొట్టా."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. స్కూలు యాప్‌లో సర్వే వచ్చింది. జుట్టు నీటుగా, సాపుగా, తలకంటుకుని ఉండాలనే రూలును మీరు సమర్థిస్తారా అని అడిగారు. మా పేటలో తెలుగు తల్లిదండ్రులకో వాట్సాప్ గ్రూపుంది. అందులో కేశవరావు మాస్టారు ఒక సందేశం పెట్టారు. ఆయన గుంటూరులో హెడ్మాస్టరుగా రిటైరై కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. పేరులోనే కేశాలున్నాయి గాని తలమీద ఒక్కటి కూడా మిగల్లేదు. పిల్లలకు క్రమశిక్షణ తలనుంచే మొదలవ్వాలి, అందరూ గట్టిగా సమర్థిస్తున్నాం అని కొట్టండి అని ఆయన రాశారు. అందరూ కొట్టారు. కొట్టినవాళ్ల కళ్లముందున్నది వాళ్ల చిన్నప్పటి బడి. నున్నగా దువ్వి, నూనె రాసి, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టి, ప్రార్థనలో వరసగా నిలబడ్డ ఆడపిల్లలు. నీటంటే మాకు అదే. వేరే వాళ్లు చాలామంది సర్వే తెరవనే లేదు. తెరిచినవాళ్లలో పదిమందికి ఏడుగురు సరేనన్నారని స్కూలు లెక్క రాసుకుంది. ఆ ఏడుగురిలో మా వాళ్లే ఎక్కువ. ఇప్పుడు భాను తలమీద కూర్చున్న రూలును కట్టి తీసుకొచ్చింది మా పేటే.

ఆస్ట్రేలియాలో వసంతం వచ్చిందంటే మాగ్‌పై పిట్టలు గుడ్లు పెట్టి, ఆ చెట్టు కింద నడిచిన ప్రతివాడి నెత్తినా పొడుస్తాయి. నల్లగా తెల్లగా మన పిచ్చి కాకుల్లా ఉంటాయి గాని కోపం మాత్రం మామగారి కోపం. మర్నాడు వాకింగ్‌లో కేశవరావు మాస్టారు స్టేషన్ పక్క దారిలో తలమీద చేతిసంచి పెట్టుకుని నడుస్తున్నారు. నేను పక్కన చేరి, కోటమ్మను తోడు తీసుకెళ్లండి మాస్టారూ, ఆవిడ తలలో దిగిన పిట్ట మళ్లీ బయటికి రాలేదు అన్నాను. ఆయన నవ్వలేదు. సంగతంతా చెప్పాను.

"బ్రహ్మయ్యగారూ, రూలన్నాక ఒకరిద్దరికి ఇబ్బంది ఉంటుంది," అన్నారాయన. "అందుకని రూలే తీసేస్తారా? మీ మనవరాలు ఆ సెలూన్‌కు ఒక్కసారి వెళ్తే అయిపోయె."

"మీకు రేపట్నుంచి తలకట్టు లేనివాళ్లు వాకింగ్‌కు రాకూడదని రూలు పెడితే?"

"నాది పుట్టుకతో వచ్చింది కాదుగా, ఊడింది," అన్నారు. మాస్టారు మాటల్లో ఎప్పుడూ ఓడిపోరు.

సెలూన్ సంగతి ఆయన ఊరికే అనలేదు. సృజన అప్పటికే బుక్ చేసేసింది. కెరాటిన్ అని ఏదో పూసి, ఇస్త్రీ చేసి, కొన్ని నెలలపాటు సాపుగా ఉండేలా చేస్తారు. పెరిగిన కొత్త జుట్టు మళ్లీ రింగులే వస్తుంది, మళ్లీ వెళ్లాలి. అది భాను మీద కోపంతో చేసింది కాదు. పిల్లలు ఓట్లేసి గెలిపించిన పదవి జుట్టుకోసం పోగొట్టుకోవడమేమిటి, నేను చేసుకోలేదా, నాకేమైంది అన్నది మా అమ్మాయి లెక్క. భాను మూడు రోజులు ఒప్పుకోలేదు, నాలుగో రోజు సరేనంది. అసెంబ్లీలో మొదటి మాటలు మాట్లాడేది కెప్టెనే. ఆ మాటలు అది అప్పటికే రాసుకుని ఉంది.

శనివారం పొద్దున సెలూన్‌కు బయల్దేరాలి. నేను హాల్లో సోఫాలో కూర్చుని బఠానీలు వలుస్తున్నాను. సృజన బాత్రూం అద్దం ముందు ఎప్పట్లాగే తన ఇస్త్రీ మొదలుపెట్టింది. భాను తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. కొంచెంసేపటికి అడిగింది. ఈసారి తెలుగులో.

"అమ్మా, నీది కూడా నాలాంటిదేనా?"

"అవును, అమ్మమ్మ చెప్తుందిగా."

"నేనెప్పుడూ చూడలేదు."

ఇస్త్రీ నొక్కిన చప్పుడు ఆగింది. నాకు కూడా అప్పుడే తట్టింది. పదహారేళ్ల పిల్ల, కన్నతల్లి జుట్టు ఎలా ఉంటుందో చూడలేదు. ఈ ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ఇస్త్రీ చేసిన ఫోటోలే. వీడియో కాల్లో మాతో మాట్లాడినప్పుడు కూడా ఆ జుట్టు తాటాకులా నిటారుగా దిగేది. మేం ఇక్కడికి వచ్చాక చూసిందీ అదే, పాత రింగులెలా ఉండేవో మేమూ మర్చిపోయాం.

ఇస్త్రీ ప్లగ్ పీకిన చప్పుడైంది. తర్వాత షవర్ తెరిచిన చప్పుడు. బఠానీలన్నీ వలిచేసినా నేను లేవలేదు. సృజన తలమీద తువ్వాలు చుట్టుకుని వచ్చి వరండా మెట్టు మీద ఎండలో కూర్చుంది. తువ్వాలు తీసింది. తడి ఆరుతున్నకొద్దీ ఒక్కొక్క పాయా పైకి ముడుచుకోవడం మొదలుపెట్టింది. కింద చివర్లు మాత్రం ఏళ్ల తరబడి కాలి కాలి, ఇంకెటూ ముడుచుకోలేక ఎండుగడ్డిలా వేలాడుతున్నాయి. భాను వెళ్లి వెనక మెట్టు మీద కూర్చుని వేళ్లతో చిక్కు తీసింది. కోటమ్మ వంటింట్లోంచి చూసి కళ్లు తుడుచుకోబోయి, నేను చూస్తున్నానని ఉల్లిపాయ తెచ్చి తరగడం మొదలుపెట్టింది.

సెలూన్‌కు ఫోన్ చేసి రామని చెప్పింది వంశీధర్.

ఇక్కడ గవర్నమెంటు స్కూళ్లకు కౌన్సిల్ ఉంటుంది. తల్లిదండ్రులు, టీచర్లు, ఇద్దరో ముగ్గురో పెద్ద క్లాసుల పిల్లలు అందులో ఉంటారు. యూనిఫాం రూల్సు చేసేది, మార్చేది కౌన్సిలే. వాళ్ల మీటింగుకు స్కూలు పిల్లల తల్లిదండ్రులు వెళ్లి కూర్చోవచ్చు, ముందుగా చెబితే మాట్లాడనిస్తారు. వంశీధర్ చెప్పి పెట్టాడు. కమిషనుకు ఫిర్యాదు కూడా సిద్ధంగా ఉంచుకున్నాడు గాని ముందే పంపలేదు. ఇంట్లో తేలేదాన్ని పంచాయితీకెందుకు తీసుకెళ్లాలి అని నేనన్న మాట విన్నాడని నేను అందరికీ చెప్తుంటాను. నిజానికి ఆ సలహా ఫోన్లో ఆ అమ్మాయే ఇచ్చింది.

మీటింగు సాయంత్రం లైబ్రరీలో. సృజన, వంశీధర్, భాను, అచోల్, వాళ్లమ్మ, నేను. కోటమ్మ కూడా తయారైంది, కొప్పు పెట్టుకుని. సృజన జుట్టు ముడవలేదు. దారిలో టార్నీట్ గాలి దానితో ఆడుకుంది. మా పేటలో గాలికి అడ్డం చెట్లుండవు, కొండలుండవు. సముద్రం నుంచి బయల్దేరిన గాలి నేరుగా వచ్చి సృజన తలలో దిగింది.

మొదట మిస్టర్ డోయల్ మాట్లాడాడు. వర్క్‌షాపులో మిషన్లున్నాయి, సైన్సు ల్యాబులో మంటలున్నాయి, జుట్టు కట్టుకోవాలి, అది నిజమే కదా అన్నాడు. తల్లిదండ్రులను అడిగాం, ఎక్కువమంది సరే అన్నారు, మినహాయింపుకు వీలు కూడా పెట్టాం అన్నాడు. అన్నీ సరైన మాటలే. వంశీధర్ లేచి, ల్యాబులో జుట్టు కట్టుకోమనడం ఎవరూ కాదనరు, కట్టుకున్నాక కూడా ఎత్తుగా ఉండకూడదనడంలో భద్రతేముంది అని అడిగాడు. డోయల్ రూల్సు కాగితం అటూఇటూ తిరగేశాడు. అచోల్ వాళ్లమ్మ మా గేటు దగ్గర అన్న మాటే అక్కడ కూడా అంది, ఇంకా నెమ్మదిగా.

తర్వాత సృజన లేచింది. చేతిలో రాసుకున్నదేమీ లేదు.

"ఆ సర్వేలో సరేనన్నవాళ్లలో నేనొకదాన్ని," అంది ఇంగ్లీషులో. "మా వాళ్లందరూ కూడా అలాగే కొట్టారు. నీటంటే మాకు నూనె రాసి జడలేసుకోవడం. ఆ జడలతోనే మా అమ్మాయిని పంపితే ఇంట్లో నీళ్లొస్తున్నాయా అని ఫోన్ వచ్చింది. మీరు అడిగిందొకటి, మేం ఒప్పుకుందొకటి. ఆ టిక్కుల్లో నాది తీసేయండి. అది నాకు తెలియక కొట్టింది."

చెంప మీదికొచ్చిన పాయను వెనక్కి తోసుకుంది. "నేను రోజూ పొద్దున జుట్టు కాలుస్తాను. ఉద్యోగం కోసం. మా అమ్మాయి నా జుట్టు ఈ వారమే మొదటిసారి చూసింది. దానికీ అదే నేర్పడానికి బుక్ చేశాను."

కూర్చుంది. కౌన్సిల్ ప్రెసిడెంటు ఒక పెద్దావిడ, నర్సరీ మొక్కలమ్ముతుందట. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, సర్వే ఎన్ని భాషల్లో పంపారని అడిగింది. ఇంగ్లీషులోనే. దక్షిణ సూడాన్ తల్లిదండ్రులు ఎంతమంది జవాబిచ్చారు? ఆ లెక్క ఎవరూ తీయలేదు. మరి మనం అభిప్రాయాలు తెలుసుకున్నామని ఎలా అనగలం అంది. కౌన్సిల్లో ఉన్న ఒక కుర్రమ్మాయి చెయ్యెత్తి, కెప్టెన్‌ను ఎన్నుకున్నది మేము, ఆమె జుట్టు మా దృష్టేమీ మళ్లించలేదు అంది. అక్కడ కొంచెం నవ్వొచ్చింది. డోయల్ కూడా నవ్వాడు, చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రం తేలింది ఇది. జుట్టు గురించిన ఆ ఒక్క రూలును మళ్లీ అభిప్రాయాలు తీసుకునేదాకా అమలు చేయకూడదు. ఈసారి తెలుగుతో సహా నాలుగైదు భాషల్లో అడగాలి, తల్లిదండ్రులను పిలిచి మాట్లాడాలి. ఓట్లు వేశారు. ఇద్దరు వద్దన్నారు, మిగతావాళ్లు సరేనన్నారు.

నవంబరు చివర అసెంబ్లీలో భాను తన జుట్టుతోనే స్టేజీ ఎక్కింది. ప్రిన్సిపల్ బ్యాడ్జీ పెట్టింది. భాను మాట్లాడినప్పుడు వెనక నిల్చున్న వైస్ కెప్టెన్ కుర్రాడు ఒక్క నిమిషం కూడా ఎవరికీ కనపడలేదు. ఫోటోలో కూడా లేడు. వాళ్లమ్మ ఇప్పటికీ వెతుకుతోందని నేనంటే భాను, "తాతయ్యా, హీ వాజ్ సిక్ దట్ డే," అంటుంది. పిల్లలకు కథ చెడగొట్టడంలో ఎంత సరదా.

కొత్త రూలు రావడానికి మరో టర్ము పట్టింది. తెలుగు మీటింగు మా ఇంటి వెనకే, షెడ్డులో బార్బీ, అంటే ఇక్కడివాళ్ల బార్బెక్యూ పొయ్యి, పెట్టుకుని జరిపాం. అచోల్ వాళ్లమ్మ వచ్చి అల్లిక ఎందుకు వేస్తారో చెప్పింది. ఇప్పుడా రూల్లో ఉన్నది ఇంతే. వర్క్‌షాపులో, ల్యాబులో, వంట క్లాసులో జుట్టు వెనక్కి కట్టుకోవాలి. శుభ్రంగా ఉండాలి, కళ్లమీద పడకూడదు. పుట్టుకతో వచ్చిన జుట్టు తీరు గాని, దాన్ని కాపాడుకునే అల్లికలు గాని ఎవరివైనా తప్పు కాదు, దానికి మినహాయింపు అడగనక్కర్లేదు. కేశవరావు మాస్టారు ఈసారి కూడా పాత రూలుకే టిక్ కొట్టారు. కొట్టానని నాకు చెప్పి మరీ కొట్టారు. ఆయన అభిప్రాయం ఆయనది, అదీ లెక్కలోకి తీసుకున్నారు.

సృజన ఆఫీసు సంగతి అంత తేలిగ్గా తేలలేదు. రింగులతో వెళ్లిన మొదటి రోజు ఒకావిడ అడక్కుండానే చెయ్యి పెట్టి చూసి, ఓ సో సాఫ్ట్ అందట. రెండో వారం మేనేజరమ్మ గదిలోకి పిలిచి మళ్లీ అదే మాటంది. పాలిష్డ్. సృజన ఈసారి అడిగింది, అది ఎక్కడ రాసి ఉంది, నాకు చూపించండి అని. ఆఫీసులు కూడా పనికి తగినట్టు వేషం గురించి సబబైన నియమాలు పెట్టుకోవచ్చు, దాన్ని సృజన కాదనలేదు. ఆఫీసు రూల్సు కాగితంలో పొడుగాటి గోళ్ల గురించి ఉంది, చొక్కా గురించి ఉంది, జుట్టు శుభ్రంగా ఉండాలని ఉంది. ఎలా ముడుచుకోవాలో ఎక్కడా లేదు. మేనేజరమ్మ పైవాళ్లను కనుక్కుని చెప్తానంది. ఇంకా చెప్పలేదు.

ఆ కరెంటు ఇస్త్రీ ఇప్పుడు బాత్రూం సొరుగులో పడుంది. అప్పడాలు కాల్చుకోడానికి నాకివ్వమ్మా అని అడిగాను. సృజన ఇవ్వలేదు. ఇంకా అవసరం పడుతుందేమోనని దాచిందా, నా అప్పడాల మీద నమ్మకం లేకనా అన్నది నేను అడగలేదు.